తెలిసిన పున్నమి నుంచి రాబోయే పున్నమికి: సగటు చాంద్రమాసం ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ తప్పుతుంది

2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. ఆ పౌర్ణమి ఘడియ భారత కాలమానం ప్రకారం రాత్రి 11 గంటల 39 నిమిషాలకు వచ్చింది. ఆ ఒక్క సమయమే తెలిసి, పంచాంగం చేతిలో లేకుండా, అదే ఏటి కార్తిక పౌర్ణమి ఎప్పుడో లెక్కకట్టాలనుకుందాం. సగటు చాంద్రమాసం 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు కాబట్టి రెండు మాసాలకు 59 రోజుల 1 గంట 28 నిమిషాలు అవుతుంది. దీన్ని సెప్టెంబరు 7 రాత్రికి కలిపితే నవంబరు 6 తెల్లవారుజామున 1 గంట 7 నిమిషాలు అని తేలుతుంది. అయితే అసలు పౌర్ణమి నవంబరు 5 సాయంత్రం 6 గంటల 49 నిమిషాలకే వచ్చింది, విజయవాడలో కృష్ణా ఘాట్ల దగ్గర దీపాలు వదిలిందీ ఆ సాయంత్రమే. లెక్క ఆరు గంటల పైచిలుకు తప్పింది, అర్ధరాత్రి మధ్యలో పడినందువల్ల తేదీ కూడా మారిపోయింది.

ఈ తప్పును చూసి సగటు సంఖ్యే సరైనది కాదనుకోవడం సహజం. నిజానికి ఆ సంఖ్యలో దోషం లేదు. సగటు చాంద్రమాసం విలువ 29.530589 రోజులు. ఇది ఎంత పాత జ్ఞానమో గమనించదగ్గది. సూర్యసిద్ధాంతం ఒక మహాయుగంలో 157,79,17,828 దినాలు, 5,34,33,336 చాంద్రమాసాలు ఉంటాయని చెబుతుంది. మొదటి సంఖ్యను రెండో దానితో భాగిస్తే 29.530588 వస్తుంది. నేటి విలువకూ దీనికీ మధ్య తేడా నెలకు ఒక సెకనులో పదో వంతు కూడా లేదు. వందల ఏళ్ల గ్రహణాలను పరిశీలిస్తూ పోతే తప్ప ఇంత సూక్ష్మమైన సగటు దొరకదు.

సంఖ్యను కత్తిరించి వాడితే మాత్రం దోషం వస్తుంది. చాలామంది 29.5 రోజులు అని సరిపెట్టుకుంటారు. దానివల్ల నెలకు 44 నిమిషాలు, ఏడాదికి దాదాపు తొమ్మిది గంటలు జారిపోతాయి, మూడేళ్లు తిరిగేసరికి లెక్క ఒక రోజుకు పైగా వెనకబడుతుంది. 29.53 అని వాడితే నెలకు 51 సెకన్లే పోతాయి కాబట్టి ఒకటి రెండేళ్ల దూరానికి దాన్ని పట్టించుకోనక్కరలేదు, పాతికేళ్ల దూరానికి మాత్రం అది నాలుగున్నర గంటలు అవుతుంది. అందువల్ల ఆరు దశాంశ స్థానాలను ఉంచుకోవడమే మేలు. అలా ఉంచుకున్నంతకాలం మాసాలు ఎన్ని గడిచినా సంఖ్య వల్ల వచ్చే దోషం లెక్కలోకి రాదు. పై ఉదాహరణలో ఆరు గంటలు తప్పడానికి కారణం మరొకటి.

మన జ్యోతిర్గణితంలో ఆ కారణాన్ని చెప్పడానికి ఎప్పటినుంచో రెండు మాటలు ఉన్నాయి, అవి మధ్యమం, స్ఫుటం. చంద్రుడు ఏడాది పొడవునా ఒకే వేగంతో నడుస్తాడని ఊహించి కట్టిన స్థానం మధ్యమం, ఆకాశంలో నిజంగా కనిపించే స్థానం స్ఫుటం. 29.530589 రోజులకొకసారి ఖచ్చితంగా వచ్చేది మధ్యమ పౌర్ణమి. మనం చూసేది, పంచాంగంలో పౌర్ణమి తిథి ముగింపుగా రాసేది స్ఫుట పౌర్ణమి. ఈ స్ఫుట పౌర్ణమి మధ్యమానికి ముందో వెనకో వస్తూ ఉంటుంది, ఆ తేడా ఒక్కోసారి 14 గంటల దాకా పోతుంది.

సెప్టెంబరు 7 పౌర్ణమినే తీసుకుంటే, దాని మధ్యమ సమయం సాయంత్రం 6 గంటల 55 నిమిషాలు. అంటే నిజ పౌర్ణమి 4 గంటల 44 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మనం లెక్క మొదలుపెట్టిన చోటనే ఆ ఆలస్యం ఉంది, దాన్ని తెలియకుండానే ముందుకు మోసుకుపోయాం. కార్తిక పౌర్ణమి అందుకు విరుద్ధంగా తన మధ్యమ సమయం కంటే సుమారు గంటన్నర ముందుగా వచ్చింది. మొదటి ఆలస్యం, రెండో తొందర రెండూ కలిసి ఆరు గంటల పైచిలుకు అయ్యాయి. తెలిసిన తేదీ నుంచి చేసే ఏ లెక్కలోనైనా తప్పు ఇలా రెండు కొసల నుంచీ వస్తుంది. ఈ విషయంలో ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. చేరవలసిన పౌర్ణమి మీద అనుమానపడతారు గానీ, బయలుదేరిన పౌర్ణమి సగటున ఉందో లేదో చూడరు.

అదే సెప్టెంబరు 7 నుంచి నెలనెలా లెక్క సాగిస్తే ఈ దోషం నడక స్పష్టంగా కనిపిస్తుంది. అక్టోబరు పౌర్ణమికి లెక్క మూడు గంటలు, నవంబరుకు ఆరు గంటల పైన, డిసెంబరుకు తొమ్మిది గంటలు, జనవరికి పదకొండు గంటలు ఆలస్యం చూపిస్తుంది. ఫిబ్రవరిలో అది 11 గంటల 40 నిమిషాలకు చేరుతుంది. అక్కడితో ఆగి, మార్చి నెలకు 10 గంటల 55 నిమిషాలకు దిగుతుంది. నాలుగైదు నెలలు చూసినవారు దోషం పెరుగుతూనే పోతుందని నిర్ణయించుకునే ప్రమాదం ఉంది. అది నీటి అల వంటిది, కొంత లేచి మళ్లీ పడుతుంది. ఒకే దిక్కుగా తరగకుండా, ప్రతి నెలా సమానంగా పెరిగే దోషం కనిపిస్తే దాన్ని వేరుగా చూడాలి. అది మాసప్రమాణాన్ని కత్తిరించినందువల్ల వచ్చినది. ఈ రెండు రకాల దోషాలను విడదీసి గుర్తించడానికి ఒక ఏడాది పౌర్ణములను వరుసగా పోల్చి చూస్తే చాలు.

అల ఎందుకు లేస్తుందంటే, చంద్రుడు భూమి చుట్టూ తిరిగే దారి సరైన వృత్తం కాదు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు చంద్రుడు రోజుకు 15 డిగ్రీల దాకా నడుస్తాడు, దూరంగా వెళ్లినప్పుడు 12 డిగ్రీలకు కొంచెం తక్కువే నడుస్తాడు. తిథి ఒక్కోసారి 19, 20 గంటల్లోనే ముగిసిపోవడం, ఒక్కోసారి 26 గంటల దాకా సాగడం మనకు అలవాటైన సంగతే, దానికీ మూలం ఇదే. దగ్గరి బిందువు దాటిన చంద్రుడు తన సగటు స్థానం కంటే ముందుకు పోయి, దూరపు బిందువు చేరేదాకా ఆ ఆధిక్యాన్ని కొంతో గొప్పో నిలుపుకుంటాడు. ఆ అర్ధభాగంలో పడే పౌర్ణములు త్వరగా వస్తాయి. దూరపు బిందువు నుంచి దగ్గరి బిందువుకు తిరిగి వచ్చే అర్ధభాగంలో చంద్రుడు సగటుకు వెనక ఉంటాడు కాబట్టి పౌర్ణములు ఆలస్యమవుతాయి. పౌర్ణమి, అమావాస్యల నాటికి ఈ హెచ్చుతగ్గు గరిష్ఠంగా సుమారు అయిదు డిగ్రీలు ఉంటుంది, పూర్వులు దీనినే చంద్రుని మందఫలం అన్నారు. చంద్రుడు సూర్యునితో పోలిస్తే రోజుకు 12 డిగ్రీల పైచిలుకు ముందుకు పోతాడు కాబట్టి, అయిదు డిగ్రీలంటే దాదాపు పది గంటలు.

సూర్యుడి వైపు నుంచి కూడా చిన్న సవరణ ఉంది. జనవరి మొదటి వారంలో భూమి సూర్యునికి అతి దగ్గరగా ఉంటుంది, అప్పుడు సూర్యుడు ఆకాశంలో కాస్త వేగంగా జరుగుతున్నట్టు కనిపిస్తాడు. దానివల్ల జనవరి నుంచి జూలై మొదటిదాకా సూర్యుడు తన సగటు స్థానానికి ముందుంటాడు, అతనికి సరిగ్గా ఎదురుగా చేరడానికి చంద్రునికి మరికొంత సమయం పడుతుంది. ఈ ఆలస్యం నాలుగుంబావు గంటలకు మించదు. మిగతా ఆర్నెల్లలో ఇది తొందరగా మారుతుంది.

ఈ రెండింటినీ కలిపితే పౌర్ణమికి ఇవ్వవలసిన సవరణ ఒక్క వరుసలో ఇమిడిపోతుంది. ఫలితం గంటల్లో వస్తుంది.

```
సవరణ = -9.75 × sin(A) + 4.15 × sin(B)
```

ఇందులో A అంటే చంద్రుడు భూమికి దగ్గరి బిందువును దాటినప్పటి నుంచి సగటు వేగంతో తిరిగిన కోణం. ఇది ఒక పౌర్ణమి నుంచి మరుసటి పౌర్ణమికి 25.8 డిగ్రీలు పెరుగుతుంది. B సూర్యునికి సంబంధించిన అటువంటి కోణమే. జనవరి 3 నుంచి గడిచిన రోజులను 0.9856తో గుణిస్తే అది దొరుకుతుంది. రెండు కోణాలనూ డిగ్రీల్లోనే తీసుకున్నాం కాబట్టి, గణన యంత్రం కూడా డిగ్రీల పద్ధతిలో ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే జవాబు అర్థం లేకుండా పోతుంది. అమావాస్యకు కూడా ఇవే గుణకాలు దాదాపుగా సరిపోతాయి. ఇంకా చిన్న పదాలు చాలానే ఉన్నాయి గాని, గంట లోపు తేడాను ఒప్పుకునేవారికి ఈ రెండు పదాలే చాలు.

2026 మార్చి 3 పౌర్ణమితో దీన్ని పరీక్షించవచ్చు. లెక్కకు పునాదిగా తెలిసిన మధ్యమ అమావాస్య ఒకటి కావాలి. 2000 జనవరి 6 సాయంత్రం 7 గంటల 50 నిమిషాలు భారత కాలమానంలో అటువంటి సమయం. ఆ రోజు నిజ అమావాస్య రాత్రి 11 గంటల 44 నిమిషాలకు వచ్చింది, చాలామంది దాన్నే పునాదిగా పట్టుకుని ఆ నాలుగు గంటల అంతరాన్ని ప్రతి లెక్కలోకీ తెచ్చుకుంటారు. మధ్యమ సమయం నుంచి 323న్నర మాసాలు లెక్కిస్తే 9553 రోజుల 3 గంటల 29 నిమిషాలు అవుతుంది, అంటే 2026 మార్చి 3 రాత్రి 11 గంటల 19 నిమిషాలు. ఇది మధ్యమ పౌర్ణమి.

ఆ నాటికి A విలువ 93.3 డిగ్రీలు. చంద్రుడు దగ్గరి బిందువుకూ దూరపు బిందువుకూ సరిగ్గా మధ్యలో, అంటే ముందంజ అత్యధికంగా ఉండే చోట ఉన్నాడన్నమాట. మొదటి పదం 9 గంటల 44 నిమిషాలు తగ్గించమంటుంది. B విలువ 58.1 డిగ్రీలు, దానివల్ల 3 గంటల 31 నిమిషాలు కలపాలి. నికరంగా 6 గంటల 13 నిమిషాలు వెనక్కి రావాలి, అప్పుడు జవాబు సాయంత్రం 5 గంటల 6 నిమిషాలు. నిజ పౌర్ణమి 5 గంటల 8 నిమిషాలకు వచ్చింది. ఇంత దగ్గరగా రావడానికి వదిలేసిన చిన్న పదాలు ఈసారి ఒకదానినొకటి కొట్టేసుకోవడం కూడా ఒక కారణం, ప్రతిసారీ ఇంత చక్కగా కుదరదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. A కోణాన్ని కట్టడానికి, చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చే తేదీని పట్టికలో చూసి అక్కడి నుంచి రోజులు లెక్కించాలనిపిస్తుంది. పట్టికలో ఉండేది నిజంగా దగ్గరైన తేదీ, అది సగటు తేదీకి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఉండవచ్చు. చంద్రుడు రోజుకు 13 డిగ్రీలు తిరుగుతాడు కాబట్టి ఆ తేడా సవరణలో గంటల దోషంగా దిగుతుంది. దానికి బదులు, తెలిసిన ఒక పౌర్ణమి నాటి A విలువకు నెలకు 25.817 డిగ్రీల చొప్పున కలుపుకుంటూ పోవడం క్షేమం.

కోణాలూ సైన్‌లూ వద్దనుకునేవారికి కూడా మార్గం లేకపోలేదు. రెండు కొసలలోనూ ఒకే రకమైన ఆలస్యం గానీ తొందర గానీ ఉంటే, తీసివేతలో అవి వాటంతటవే పోతాయి. కాబట్టి తెలిసిన తేదీని ఎంచుకోవడంలోనే సవరణ ఇమిడి ఉంటుంది. A కోణం నెలకు 25.8 డిగ్రీలు పెరిగితే 14 నెలలకు 361 డిగ్రీలకు పైబడుతుంది, అంటే దాదాపు మొదటికే వస్తుంది. మార్చి 3కు 14 మాసాల ముందటి పౌర్ణమి 2025 జనవరి 14 తెల్లవారుజామున, భోగి రాత్రి గడిచి సంక్రాంతి రాబోతుండగా, 3 గంటల 57 నిమిషాలకు వచ్చింది. దానికి 413 రోజుల 10 గంటల 17 నిమిషాలు కలిపితే 2026 మార్చి 3 మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాలు అవుతుంది. తప్పు మూడు గంటల లోపే, తేదీ సరిగ్గా కుదిరింది. సెప్టెంబరు 7 నుంచి ఆరు మాసాలు మాత్రమే లెక్కించినప్పుడు జవాబు మార్చి 4 తెల్లవారుజామున 4 గంటల 3 నిమిషాలు అని వచ్చి, పదకొండు గంటలు తప్పింది. దగ్గరి తేదీ నుంచి చేసిన లెక్క కంటే దూరపు తేదీ నుంచి చేసిన లెక్క మెరుగ్గా ఉండటం వింతగా కనిపించవచ్చు గానీ, సగటు మాసం పనిచేసే తీరే అంత. ఇక్కడ దూరం కంటే చంద్రుడు తన దారిలో ఎక్కడున్నాడన్నదే ముఖ్యం.

మిగిలిన మూడు గంటల తప్పు సూర్యుడి వల్ల వచ్చింది, ఎందుకంటే జనవరి నుంచి మార్చికి B కోణం మారిపోయింది. చంద్రుని కోణమూ సూర్యుని కోణమూ రెండూ ఒకేసారి మొదటికి వచ్చే వ్యవధి కావాలంటే 223 మాసాల దాకా ఆగాలి. దాని నిడివి 6585 రోజుల 7 గంటల 43 నిమిషాలు, అంటే 18 ఏళ్ల 11 రోజుల ప్రాంతం. గ్రహణాలు తిరిగి వచ్చే శారోస్ చక్రం ఇదే. 2008 ఫిబ్రవరి 21న సంపూర్ణ చంద్రగ్రహణం నాటి పౌర్ణమి ఉదయం 9 గంటలకు వచ్చింది. దానికి ఈ వ్యవధిని కలిపితే 2026 మార్చి 3 సాయంత్రం 4 గంటల 43 నిమిషాలు వస్తుంది. ఏ సవరణా లేకుండా, ఒక్క కూడికతో, 25 నిమిషాల తేడాలో జవాబు దొరికింది. పద్దెనిమిదేళ్ల నాటి పంచాంగాన్ని పారేయకుండా దాచుకున్న ఇంట్లో దాదాపు ప్రతి పౌర్ణమికీ, అమావాస్యకూ ఈ లెక్క చేసుకోవచ్చు.

19 ఏళ్ల చక్రం కూడా ప్రసిద్ధమే, అందులో 235 మాసాలు ఉంటాయి. పౌర్ణమి దాదాపు అదే ఇంగ్లీషు తేదీకి తిరిగి వస్తుంది కాబట్టి అది తేలికగా గుర్తుంటుంది. అయితే అందులో సూర్యుని కోణమే మొదటికి వస్తుంది, చంద్రుని కోణం 53 డిగ్రీలు వెనకబడి ఉంటుంది. తేదీ ఉజ్జాయింపుగా కావాలంటే అది చాలు, గంటలు కావాలంటే 18 ఏళ్ల చక్రాన్నే పట్టుకోవాలి.

ఇదే తర్కం మరొక ప్రమాదాన్ని కూడా బయటపెడుతుంది. పౌర్ణమి తెలిస్తే అమావాస్యకు సగం మాసం, అంటే 14 రోజుల 18 గంటల 22 నిమిషాలు కలపడం అందరూ చేసే పని. ఆ పక్షం రోజుల్లో చంద్రుని కోణం 193 డిగ్రీలు తిరుగుతుంది. ఆలస్యం కాస్తా తొందరగా, తొందర కాస్తా ఆలస్యంగా పూర్తిగా తిరగబడుతుంది. సెప్టెంబరు 7 పౌర్ణమి నుంచి ఈ విధంగా లెక్కిస్తే అమావాస్య సెప్టెంబరు 22 సాయంత్రం 6 గంటలకు అని వస్తుంది. నిజ అమావాస్య 22వ తేదీ తెల్లవారుజామున 1 గంట 24 నిమిషాలకే వచ్చింది, తప్పు పదహారున్నర గంటలు. ఆరు మాసాల లెక్కలో కూడా ఇంత తప్పు రాలేదు. కనుక పౌర్ణమిని పౌర్ణమి నుంచీ, అమావాస్యను అమావాస్య నుంచీ కట్టడమే సరైన పద్ధతి.

లెక్క సరిగ్గా వచ్చినా పండుగ తేదీతో కలవకపోయే సందర్భాలు ఉంటాయి. వాటిని లెక్క తప్పుగా భావించకూడదు. పై అమావాస్యనే చూస్తే, గడియారం ప్రకారం అది 22వ తేదీ, మహాలయ అమావాస్య మాత్రం 21న జరిగింది. ఎందుకంటే అమావాస్య తిథి 21న సూర్యోదయం నుంచి రాత్రి దాకా నడిచి 22 తెల్లవారకముందే ముగిసిపోయింది. మనం కట్టే సమయం తిథి ముగిసే క్షణం, పండుగకు కావలసింది తిథి వ్యాపించి ఉన్న రోజు. 2026 ఫిబ్రవరి పౌర్ణమి కూడా 2వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 39 నిమిషాలకు రాగా, మాఘ పౌర్ణమి స్నానాలు 1వ తేదీన జరిగాయి. లెక్కలో వచ్చిన సమయం అర్ధరాత్రికీ సూర్యోదయానికీ మధ్య పడితే, సాధారణంగా ముందు రోజును చూసుకోవాలి.

ఆ సమయం స్థలాన్ని బట్టి మారుతుందా అన్న సందేహం కూడా తరచూ వస్తుంది. పౌర్ణమి క్షణం గుంటూరుకూ విజయవాడకూ లండన్‌కూ ఒక్కటే, గడియారంలో చూపించే అంకె మాత్రమే వేరు. స్థలాన్ని బట్టి మారేవి సూర్యోదయం, చంద్రోదయం. మార్చి 3 నాటి గ్రహణం దీనికి మంచి ఉదాహరణ. పౌర్ణమి సాయంత్రం 5 గంటల 8 నిమిషాలకే వచ్చింది, విజయవాడలో అప్పటికి చంద్రుడు ఇంకా తూర్పు దిగంతం కిందనే ఉన్నాడు. ఆరుంబావు దాటాక ఉదయించేసరికి సంపూర్ణ దశ ముగిసిపోయింది. నీడ పూర్తిగా తొలగింది 6 గంటల 47 నిమిషాలకు. పంచాంగం భాషలో దీన్ని గ్రస్తోదయం అంటారు, అంటే గ్రహణం పట్టిన చంద్రుడే ఉదయించడం. సెప్టెంబరు నుంచి సగటు మాసాలను కూడుకుంటూ వచ్చి మార్చి 4 తెల్లవారుజామున పౌర్ణమి అనుకున్నవారు, ఆ సాయంత్రం తూర్పున అరగంటపాటు నిలిచిన ఆ నీడను చూసే అవకాశాన్ని పోగొట్టుకునేవారు. 2008 పంచాంగం నుంచి లెక్కించినవారికి చంద్రోదయానికి గంటన్నర ముందే పౌర్ణమి అని తెలిసి ఉండేది.